నాన్న బైపాస్‌కి అమెరికా ఆఫీసులో అదనపు సెలవు ఎలా అడిగానంటే: నా అనుభవం

మా నాన్నకి చెన్నైలో బైపాస్ చేయాలన్నారు. నేనేమో డాలస్ దగ్గర ఒక కంపెనీలో హెచ్‌1బి మీద పనిచేస్తున్నాను. నాకు మిగిలిన పీటీఓ, అంటే జీతంతో వచ్చే సెలవు, సరిగ్గా రెండు వారాలు. డాక్టర్ మాత్రం ఆపరేషన్ తర్వాత కనీసం ఆరు వారాలు పక్కన మనిషి ఉండాలన్నాడు. అమ్మకి డెబ్బై దగ్గర పడుతోంది, మోకాళ్ల నొప్పులు, నాన్నని మంచం మీంచి లేపే ఓపిక ఆవిడకి లేదు. అక్క బెంగళూరులో ఉంటుంది, ఇద్దరు చిన్నపిల్లలు, వారాంతాల్లో వచ్చి వెళ్లగలదు అంతే. మిగిలిన నాలుగు వారాల సెలవు ఎలా సంపాదించాను, మెయిల్‌లో ఏం రాశాను, ఏ కాగితం దగ్గర బండి ఆగింది అన్నది రాస్తున్నాను. మా అపార్ట్‌మెంట్స్‌లోనే ఈ ఏడాది నన్ను ఇదే అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు, అందరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి గొంతు పోయింది.

ముందుగా నాన్న సంగతి, ఎందుకంటే మెయిల్‌లో వేసిన తేదీలన్నీ దాన్నుంచే వచ్చాయి. అన్నానగర్‌లో పొద్దున నడకకి వెళ్లినప్పుడు ఛాతీ బరువుగా ఉందంటే మామయ్య తీసుకెళ్లి యాంజియోగ్రామ్ చేయించాడు, మూడు రక్తనాళాల్లోనూ అడ్డంకులు ఉన్నాయని తేలింది. షుగర్ ఉన్న మనిషి కాబట్టి స్టెంట్ల కంటే బైపాస్ మేలన్నారు. అయితే వెంటనే కాదు. షుగర్ కాస్త దారికి రావాలి, పైగా రక్తం పలచబడటానికి ఇచ్చిన క్లోపిడోగ్రెల్ మాత్ర ఆపరేషన్‌కి అయిదు రోజుల ముందు ఆపాలి, లేకపోతే ఆపరేషన్‌లో రక్తస్రావం ఎక్కువవుతుంది. అలా లెక్కేసి జూలై 22 అన్నారు, షుగర్‌ని బట్టి నాలుగు రోజులు అటూ ఇటూ అని కూడా అన్నారు. ఈ విషయం నాకు తెలిసింది జూలై 1న. టికెట్ కొనేయాలన్న ఆత్రం ఎంత ఉన్నా, ముందు ఆఫీసు సంగతి తేల్చుకుందామని ఆగాను.

మనవాళ్లు సాధారణంగా చేసేదేమిటంటే మేనేజర్‌కి ఒక పెద్ద మెయిల్ రాస్తారు. మా నాన్నగారికి బాగోలేదు, నేను ఒక్కదాన్నే ఆడపిల్లని, దయచేసి నెలరోజులు సెలవివ్వండి అని. మేనేజర్ మంచివాడైతే "అయ్యో, తప్పకుండా వెళ్లు" అంటాడు, ఆ మాట నోటిమాటగానే ఉండిపోతుంది, రెండు వారాల తర్వాత పీటీఓ అయిపోయినప్పుడు పేరోల్ వాళ్లు ఇది ఏ సెలవు అని అడుగుతారు. అప్పుడు మొదలవుతుంది టెన్షన్. అమెరికాలో ఇలాంటి అవసరానికి 1993 నుంచి ఒక చట్టం ఉంది, ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్, అందరూ ఎఫ్‌ఎంఎల్‌ఏ అంటారు. అర్హత ఉంటే 12 నెలల్లో 12 వారాల దాకా సెలవు తీసుకోవచ్చు. జీతం ఉండదు, కానీ ఉద్యోగం పోదు, ఆరోగ్య బీమా ఆగదు. ఆ సెలవు సిటిజన్లకీ గ్రీన్ కార్డు వాళ్లకీ మాత్రమే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. చట్టంలో అలాంటి తేడా లేదు, హెచ్‌1బి మీద ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది.

అర్హత మూడు విషయాల మీద ఆధారపడుతుంది. ఆ కంపెనీలో కనీసం 12 నెలలు పనిచేసి ఉండాలి, గత 12 నెలల్లో కనీసం 1,250 గంటలు పని నమోదై ఉండాలి, మీరు పనిచేసే చోటికి 75 మైళ్ల లోపు ఆ కంపెనీకి కనీసం 50 మంది ఉద్యోగులు ఉండాలి. మొదటి రెండూ ఫుల్‌టైమ్ వాళ్లకి ఇబ్బంది కాదు. మూడోదే మన కన్సల్టెన్సీ పిల్లల్ని దెబ్బ తీస్తుంది. మా పక్కింటి అబ్బాయి ఒక పెద్ద బ్యాంకు ఆఫీసులో కూర్చుంటాడు, అక్కడ వేలమంది ఉంటారు, కానీ అతనికి జీతం ఇచ్చేది పాతిక ముప్ఫై మంది ఉన్న చిన్న కన్సల్టెన్సీ. సెలవు అడగాల్సింది ఆ కన్సల్టెన్సీనే, దానికి ఈ చట్టం వర్తించదు. అలాంటప్పుడు మీరు అడిగేది హక్కు కాదు, వాళ్లు ఒప్పుకుంటే ఇచ్చే సెలవు. మెయిల్ రాసే పద్ధతే వేరుగా ఉంటుంది. నాది పెద్ద కంపెనీ, నేరుగా వాళ్ల ఉద్యోగినే, కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆ దారిలో జరిగింది.

ఇంకోటి, ఎవరి కోసం అన్నది. తల్లిదండ్రుల కోసం వస్తుంది, అత్తమామల కోసం రాదు. మా ఆయన "నేను వెళ్తాలే, నీకు ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది కదా" అన్నారు పాపం, కానీ ఆయనకి మా నాన్న మామగారు, ఆయన అడిగితే ఎఫ్‌ఎంఎల్‌ఏ కిందికి రాదు. అదే మిమ్మల్ని చిన్నప్పుడు అమ్మానాన్నల స్థానంలో ఉండి పెంచిన పెదనాన్నో అమ్మమ్మో అయితే వాళ్ల కోసం అడగవచ్చు. కాబట్టి నేనే వెళ్లాలి, పాపని ఆయన చూసుకోవాలి అని తేలింది.

నేను రెండు మెయిళ్లు రాశాను. మేనేజర్‌కి ఒకటి, హెచ్ఆర్‌కి ఒకటి, ఒకే రోజు. మేనేజర్‌కి రాసింది చిన్నది. మా నాన్నగారికి ఇండియాలో ఆపరేషన్, నేను జూలై 17 నుంచి ఆగస్టు 31 వరకు ఉండను, సెలవు విషయం హెచ్ఆర్‌తో మాట్లాడుతున్నాను, రిలీజ్ పని ఎవరికి అప్పగించాలో మనం రేపు కూర్చుని చూద్దాం, అంతే. ఏ ఆపరేషన్, ఎన్ని బ్లాకులు అన్నది రాయలేదు. మేనేజర్‌కి వైద్య వివరాలు ఇవ్వాల్సిన పని లేదు. డాక్టర్ కాగితం గురించి డాక్టర్ ఆఫీసుని సంప్రదించాలన్నా హెచ్ఆర్ లేదా సెలవులు చూసే విభాగం చేయాలి తప్ప మన నేరుగా పై అధికారి చేయకూడదని రూల్‌లోనే ఉంది.

హెచ్ఆర్‌కి రాసింది అసలైనది. ఇంగ్లీషులో రాశాను, దాని సారం ఇది:

"విషయం: మా తండ్రిగారి శస్త్రచికిత్స, ఎఫ్‌ఎంఎల్‌ఏ సెలవు కోసం అభ్యర్థన.

మా నాన్నగారు చెన్నైలో ఉంటారు. ఆయనకి జూలై 22న గుండెకి బైపాస్ శస్త్రచికిత్స చేయాలని నిర్ణయించారు. ఆ తేదీ కొద్ది రోజులు మారవచ్చు, మారితే వెంటనే తెలియజేస్తాను. ఆయన సుమారు వారం రోజులు ఆసుపత్రిలో ఉంటారు, ఇంటికి వచ్చాక కొన్ని వారాలపాటు రోజువారీ పనుల్లో సాయం అవసరం. ఆయన సంరక్షణ కోసం నేను జూలై 20 నుంచి ఆగస్టు 31 వరకు ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద సెలవు కోరుతున్నాను. అంతకు ముందు ప్రయాణానికి పట్టే రోజుల్ని మామూలు సెలవుగా విడిగా నమోదు చేస్తాను. ఈ విషయం నాకు జూలై 1న తెలిసింది, అందువల్ల 30 రోజుల ముందు తెలియజేయడం వీలుపడలేదు. నాకు అర్హత ఉందో లేదో తెలిపి, డాక్టర్ నింపాల్సిన ఫారం పంపగలరు. నా పీటీఓని ఇందులో ఎలా కలుపుతారో కూడా చెప్పగలరు."

ఇందులో ప్రతి వాక్యానికీ కారణం ఉంది. చట్టం పేరు ఎత్తకపోయినా వాళ్లు గుర్తించాలి నిజానికి, విషయం అర్థమయ్యేలా చెబితే చాలు, కానీ పేరు రాస్తే మెయిల్ నేరుగా ఆ పని చూసేవాళ్ల దగ్గరికి పోతుంది. ఆసుపత్రిలో రాత్రి ఉండి చికిత్స పొందడం అన్న ఒక్క విషయంతోనే అది "తీవ్రమైన ఆరోగ్య సమస్య" అన్న నిర్వచనంలోకి వచ్చేస్తుంది, అందుకే వారం రోజులు ఆసుపత్రిలో ఉంటారు అన్న ముక్క. సంరక్షణ అన్న మాట తప్పకుండా ఉండాలి. నాన్నని చూడటానికి వెళ్తున్నాను, ఆపరేషన్ టైమ్‌లో పక్కన ఉండాలి అని రాస్తే చదివేవాళ్లకి అది ఊరికే ఇంటికి వెళ్లి రావడంలా కనిపిస్తుంది. మనకి ఆ రెండూ ఒకటే, మనవాళ్లకి ఆపరేషన్ అంటే వెళ్లామంటే చాకిరీ చేయడానికే, అది విడిగా చెప్పాలని మనకి తట్టదు. ముందుగా తెలిసిన ఆపరేషన్ అయితే 30 రోజుల ముందు చెప్పాలి, అంత వ్యవధి లేకపోతే తెలిసిన రోజో మరుసటి పనిదినమో చెప్పాలి. అందుకే ఎప్పుడు తెలిసిందో తేదీ వేశాను, మెయిల్ జూలై 2న పంపాను.

ప్రయాణం రోజుల్ని విడిగా పెట్టడం కూడా కావాలనే చేశాను. డాక్టర్ కాగితం మీద ఉండేవి రోగికి సాయం అవసరమైన తేదీలు. నేను విమానంలో కూర్చున్న రోజుల గురించి చెన్నై డాక్టర్ ఎందుకు రాస్తాడు? రాయడు. ఆ తేదీలకీ నా మెయిల్‌లోని తేదీలకీ తేడా వస్తే అక్కడో ప్రశ్న పుడుతుంది. ఆ రోజుల్ని మామూలు పీటీఓలో వేసేస్తే గొడవ లేదు.

మరుసటి రోజు మేనేజర్ కాల్ పెట్టాడు. మంచి మనిషి, నాన్న గురించి అడిగాడు, తర్వాత మెల్లగా రెండు విషయాలు తీశాడు. మొదటిది, అక్కడ మీ అమ్మగారు, అక్క ఉన్నారు కదా, ఆరు వారాలూ నువ్వే ఉండాలా అని. దానికి నేను వాదన పెట్టుకోలేదు, అది హెచ్ఆర్ చూసుకుంటుందిలే అన్నాను. రూల్ ప్రకారం ఇంట్లో చూసుకునేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా లేదా అన్న ప్రశ్నే లేదు, రోగి దగ్గర ఉండగలిగిన ఏకైక మనిషి మనమే కానక్కర్లేదు. మన ఇళ్లలో ఎప్పుడూ పదిమంది ఉంటారు, చేసేది ఒకళ్లే, ఆయనకి అది ఎలా చెప్పను. రెండోది, చెన్నై నుంచి రోజుకి నాలుగు గంటలు పనిచేయవచ్చు కదా, అప్పుడు అంత సెలవు అక్కర్లేదు అన్నాడు. వినడానికి బాగుంటుంది, జీతం కూడా వస్తుంది. హెచ్ఆర్‌ని అడిగితే ఇండియా నుంచి పని చేయడానికి పన్నులు, డేటా భద్రత కారణాలతో మా కంపెనీలో అనుమతి లేదని ఒక్క లైనులో తేల్చేశారు. నాకు ఒకందుకు మంచిదే అయింది. చెన్నైలో సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి డాలస్‌లో పొద్దున తొమ్మిది. నాన్నకి రాత్రి ఇన్సులిన్, డ్రెస్సింగ్, భోజనం అన్నీ పడే సమయానికి నాకు మీటింగులు మొదలయ్యేవి.

హెచ్ఆర్ నుంచి అర్హత ఉందని జవాబు వచ్చింది, వాళ్లకి ఇచ్చిన గడువు అయిదు పనిదినాలు. దాంతోపాటు ఫారం. కార్మిక శాఖ తయారు చేసిన WH-380-F, కుటుంబ సభ్యుల ఆరోగ్య సమస్యకి వాడేది. ఉద్యోగికే బాగోలేకపోతే వాడేది WH-380-E, రెండూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, చివరి అక్షరం చూసుకోండి. మొదటి భాగం కంపెనీ నింపుతుంది, రెండోది మనం, మూడోది డాక్టర్. తిరిగి ఇవ్వడానికి కనీసం 15 రోజుల గడువు ఇస్తారు. రోగి వేరే దేశంలో ఉంటే ఆ దేశంలో వైద్యం చేసే డాక్టర్ ఇచ్చిన సర్టిఫికేషన్‌ని కంపెనీ ఒప్పుకోవాలి, అమెరికా డాక్టరే కావాలనకూడదు. ఇంగ్లీషులో లేకపోతే అనువాదం అడగవచ్చు. చెన్నైలో డాక్టర్లు రాసేది ఇంగ్లీషులోనే కాబట్టి ఆ తలనొప్పి లేదు.

తలనొప్పి వేరే చోట ఉంది. మామయ్య ఆ ఫారం ప్రింట్ తీసుకుని సర్జన్ ఓపీకి వెళ్లాడు. ఆయన రోజుకి రెండు మూడు ఆపరేషన్లు చేసే మనిషి, ఓపీలో ఒక్కో రోగికి దక్కేది నాలుగైదు నిమిషాలు. మన దగ్గర మెడికల్ సర్టిఫికెట్ అంటే లెటర్‌హెడ్ మీద రెండు లైన్లు, కింద స్టాంపు. ఈ ఫారం చూసి ఆయన "ఇన్షూరెన్స్ వాళ్లదా?" అని అడిగి, మధ్యలో బైపాస్‌ని "సీఏబీజీ" అని పొట్టిగా వేసి, "ఆరు వారాలు విశ్రాంతి" అని రాసి, సంతకం చేసి, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న స్టాంపు గట్టిగా కొట్టి ఇచ్చేశారు. ఆసుపత్రిలో ఉండి చికిత్స అన్న గడి టిక్ చేశారు, అది ఒకటి అదృష్టం. సమస్య ఎప్పుడు మొదలైంది అన్నది ఖాళీ. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రోగి తన పనులు తాను చేసుకోలేడు అన్నది ఖాళీ. ఏ రకమైన సాయం కావాలి, వైద్యపరంగా అది ఎందుకు అవసరం అన్న చోట ఒక అడ్డగీత. మామయ్య ఫొటో తీసి పంపితే నాకు చూడగానే అర్థమైంది ఇది తిరిగొస్తుందని. గడువు దగ్గర పడుతోంది కాబట్టి పంపేశాను. అనుకున్నట్టే తిరిగొచ్చింది. ఏయే గడులు లోపమో రాతపూర్వకంగా చెప్పి, సరిచేసుకోవడానికి ఏడు రోజులు ఇచ్చారు. అలా చెప్పి తీరాలి వాళ్లు, లోపం ఉందని నేరుగా తిరస్కరించకూడదు. కాబట్టి అలాంటి మెయిల్ వచ్చిందంటే సెలవు పోయిందని గుండె పట్టుకోనక్కర్లేదు, ఏడు రోజుల్లో పని జరగాలి అంతే.

ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, "విశ్రాంతి" అన్న మాట రోగి గురించి చెబుతుంది, నా గురించి ఏమీ చెప్పదు. నాన్న విశ్రాంతి తీసుకుంటే నేనెందుకు అక్కడ? ఆయన ఏం చేసుకోలేరో రాస్తేనే నా సెలవుకి కారణం దొరుకుతుంది. బైపాస్‌లో ఛాతీ మధ్య ఎముకని నిలువునా కోసి, పని అయ్యాక తీగలతో బిగిస్తారు. ఆ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటిదాకా చేతులతో ఊతం ఇచ్చుకుని లేవకూడదు, బరువులెత్తకూడదు, కారు నడపకూడదు. కాలి నుంచి రక్తనాళం తీస్తారు కాబట్టి అక్కడో పొడుగాటి గాయం ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకి దాన్ని రోజూ చూసుకోవాలి. ఊపిరితిత్తుల కోసం మూడు బంతుల స్పైరోమీటర్‌తో గట్టిగా ఊపిరి పీల్పించాలి. ఇవన్నీ డాక్టర్ నోటితో మామయ్యకి చెప్పినవే, ఫారం మీదకి రాలేదంతే.

ఈసారి మామయ్యని సర్జన్ దగ్గరికి పంపలేదు. ఆ టీమ్‌లో ఒక ఫిజీషియన్ అసిస్టెంట్ ఉంది, నెమ్మదస్తురాలు, ఆపరేషన్‌కి ముందు సూచనలన్నీ నాన్నకి చెప్పింది ఆవిడే. వీడియో కాల్‌లో ఆవిడతో మాట్లాడాను. నాకు తమిళం చెన్నైలో పుట్టి పెరిగినంత వచ్చు కాబట్టి ఆవిడ "అప్పాకి ఏమీ కాదు అక్కా" అంటూనే ప్రశ్న ప్రశ్నకీ సర్జన్ కేస్ షీట్ చూసి చెప్పింది. నేను ఒక కాగితం మీద ఫారంలోని ప్రశ్నలు మామూలు మాటల్లో రాసి పంపాను, జవాబులు రాయలేదు. జవాబులు డాక్టర్‌వే కావాలి. మనం నింపేసి సంతకం మాత్రం పెట్టించుకుంటే, తర్వాత కంపెనీ ఇది మీరే రాశారా అని అడిగినప్పుడు ఆయన "ఏమో, గుర్తులేదు" అంటే కొంప మునుగుతుంది. అలా అడిగే హక్కు వాళ్లకి ఉంది. అందుకే ఇంకో జాగ్రత్త, డాక్టర్ ఫోన్ నంబరు పక్కన ఈమెయిల్ కూడా రాయించండి. డాలస్ పగలు చెన్నై రాత్రి, హెచ్ఆర్ ఫోన్ చేస్తే ఆసుపత్రిలో ఎత్తేది క్యాజువాలిటీ వాళ్లు, వాళ్లకి ఈ ఫారం సంగతి ఏం తెలుస్తుంది.

రెండోసారి వచ్చిన ఫారంలో జూలై 20 నుంచి ఆగస్టు 31 వరకు అని తేదీలు, మంచం మీంచి లేవడానికి, స్నానానికి, గాయాల శుభ్రతకి, మందులకి, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి మరో మనిషి సాయం కావాలి, ఛాతీ ఎముక అతికేదాకా చేతులపై బరువు మోపకూడదు కాబట్టి అని నాలుగు లైన్లు ఉన్నాయి. అదే పంపాను. నాన్న యాంజియోగ్రామ్ రిపోర్టులు, కేస్ షీటు ఏవీ జతచేయలేదు. మనవాళ్లకి ఎక్కువ కాగితాలు పెడితే నమ్ముతారని ఒక నమ్మకం, వీసా ఫైళ్ల అలవాటు అది. ఇక్కడ ఫారంలో అడిగినంతే ఇవ్వాలి, మెడికల్ రికార్డులు ఇవ్వాల్సిన పని లేదు.

ఆమోదం వచ్చింది. మా కంపెనీ పద్ధతి ప్రకారం ఉన్న పీటీఓ ముందు వాడాలి, అది కూడా ఈ సెలవులోనే లెక్క, దాని తర్వాత విడిగా 12 వారాలు మొదలవ్వవు. అలా పెట్టే హక్కు కంపెనీకి ఉంది. ప్రయాణానికి కొంత పోగా మిగిలిన పీటీఓకి జీతం వచ్చింది, ఆ తర్వాత నాలుగు వారాల పైచిలుకు జీతం లేదు. హెచ్‌1బి మీద జీతం లేకుండా ఉండకూడదు కదా, స్టేటస్ పోతుందేమో అని మా ఆయన స్నేహితుడు భయపెట్టాడు. పని ఇవ్వకుండా కంపెనీయే ఖాళీగా కూర్చోబెడితే జీతం ఇచ్చి తీరాలి, అది నిజం. ఉద్యోగి తన అవసరం కోసం తానే సెలవు అడిగితే ఇవ్వక్కర్లేదు. ఆ నిబంధనలో ఉదాహరణగా జబ్బుపడిన బంధువుని చూసుకోవడం అనే రాసి ఉంది, మా కంపెనీ లాయర్ చూపించాడు. అందుకే సెలవు నేనే అడిగినట్టు మెయిల్ ఉండటం ముఖ్యం అన్నాడు. పైగా దేశం బయట గడిపిన ఆ రోజుల్ని హెచ్‌1బి ఆరేళ్ల లెక్కలోంచి తర్వాత వెనక్కి అడగవచ్చు, బోర్డింగ్ పాస్‌లు దాచుకోమన్నాడు.

స్టాంపింగ్ గురించి ఒక మాట. నా వీసా స్టాంపు ఇంకా చెల్లుతుంది, లేకపోతే కథ వేరు. గడువు అయిపోయినవాళ్లు చెన్నై కాన్సులేట్ అపాయింట్‌మెంట్ దొరికేదాకా తిరిగి రాలేరు. ఆ ఎదురుచూపు నాన్న సంరక్షణ కాదు, ఈ సెలవు దానికి పనికిరాదు. అలాంటివాళ్లు వెళ్లే ముందే ఆ సంగతి హెచ్ఆర్‌తోనూ లాయర్‌తోనూ విడిగా తేల్చుకోవాలి, ఎఫ్‌ఎంఎల్‌ఏ మెయిల్‌లో కలపకూడదు.

ఆపరేషన్ ఒక రోజు వెనక్కి జరిగింది, షుగర్ వల్ల. ఒక లైను మెయిల్ పెట్టాను, ఎవరూ ఏమీ అనలేదు. నాన్న ఇంటికి వచ్చాక మూడో వారంలో అమ్మ తిరుమల మొక్కు మాట ఎత్తింది, కారులో పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేద్దాం, నువ్వు మళ్లీ ఎప్పుడొస్తావో అని. నాన్నని వదిలేసి నేను కొండెక్కితే ఆ రోజు చేసింది సంరక్షణ కాదు. కంపెనీ వాళ్లు తిరుమలకి వచ్చి చూడరు, కానీ మనవాళ్లు ఫొటోలు పెట్టకుండా ఉంటారా, ఆఫీసులో వాళ్లు ఫేస్‌బుక్‌లో ఉండకుండా ఉంటారా. మొక్కు వచ్చే ఏడాదికి వాయిదా వేయించాను, అమ్మ రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఆగస్టు చివర్లో కాలి గాయం దగ్గర ఎర్రబడి చీము పట్టింది. ఇంకో పది రోజులు రోజు విడిచి రోజు డ్రెస్సింగ్‌కి తీసుకురమ్మన్నారు. ఆ సాయంత్రమే హెచ్ఆర్‌కి రాశాను: కొత్త సమస్య ఏమిటి, ఏ తేదీ దాకా సెలవు పొడిగించాలి, 12 వారాల్లో ఇంకా మిగిలి ఉంది కదా అని. తేదీ మార్చి కొత్త కాగితం అడిగారు. ఈసారి ఫిజీషియన్ అసిస్టెంటే ఫారం నింపే పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి సర్జన్ చేత మరుసటి రోజే సంతకం చేయించి స్కాన్ పంపింది. టికెట్ తేదీ మార్చడానికి ఎయిర్‌లైన్‌కి కట్టిన డబ్బు గురించి చెప్పను, ఇప్పటికీ కడుపు మండుతుంది. మీరు టికెట్ కొనేటప్పుడు తేదీ మార్చుకునే వీలున్నది కొనండి.

తిరిగి చేరినప్పుడు అదే టీమ్, అదే జీతం. ప్రాజెక్ట్‌లో నా భాగం వేరే అతను చూస్తున్నాడు, అది నాకు తిరిగి రాలేదు, దానికి సమానమైన పని ఇంకోటి ఇచ్చారు, చట్టం అడిగేదీ అంతే. మొదటి జీతం చూసుకుంటే తక్కువ పడింది. జీతం లేని వారాల్లో కూడా ఆరోగ్య బీమాలో నా వాటా నేను కట్టాలి, అదంతా ఒకేసారి కోశారు. ఆ సంగతి ఆమోదం కాగితంలో రెండో పేజీలో ఉంది, ముందే చదివాను కాబట్టి మా ఆయనకి ఆ నెల క్రెడిట్ కార్డు జాగ్రత్త అని చెప్పి ఉంచాను. ఆ ఆమోదం కాగితం, నేను పంపిన మొదటి మెయిల్, రెండు ఫారాలు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టాను. వచ్చే ఏడాది స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు ఆ వారాల పే స్టబ్‌లు ఏవని అడిగితే చూపించాలి కదా.